అడిగిందే అడగాలి

పదో తరగతి పరీక్షలు ముగియగానే ఆ ప్రశ్నపత్రాల ఫొటోలు ఒక బడి నుంచి ఇంకో బడికి ఫోన్లలో చేరిపోతాయి. వచ్చే ఏడాది రాయబోయే పిల్లలకు అవే అభ్యాసం. కరీంనగర్, ఆదిలాబాద్ వైపు సర్కారు బడుల్లో ఈ ఫొటోలతో ఇంకో పని కూడా పడుతుంది. తెలంగాణ అంతటా ఈ బడుల్లో 2022-23లో ఒకటి నుంచి ఎనిమిది తరగతుల దాకా ఇంగ్లిష్ మాధ్యమం మొదలైంది. ఒక పేజీ ఇంగ్లిష్, ఎదుటి పేజీ తెలుగు ఉన్న పాఠ్యపుస్తకాలు వచ్చాయి. అప్పుడు ఎనిమిదిలో ఉన్న పిల్లలు 2024-25 నాటికి పదికి చేరారు. పరీక్ష ఇంగ్లిష్‌లో రాసినా లెక్కను మనసులో తెలుగులోనే చేసుకునే పిల్లలు వీళ్లలో చాలామంది. అందుకే పాత ఇంగ్లిష్ పేపరు ఫొటోను చూసి తెలుగులో రాసిచ్చే బాధ్యత ఉపాధ్యాయుల మీద పడుతోంది. ఆ పని ఎలా చేయాలన్న దానిపై రెండు వాదాలున్నాయి. వాటిని ఇద్దరు ఉపాధ్యాయుల మాటలుగా ఇక్కడ పెడుతున్నాను. ఒకరు కరీంనగర్ సారు, మరొకరు ఆదిలాబాద్ మేడం. ఒక్కటి ముందే చెప్పాలి. 2023 ఏప్రిల్‌లో కమలాపూర్ కేంద్రం నుంచి పదో తరగతి హిందీ పేపరు ఫొటో పరీక్ష జరుగుతుండగానే బయటికొచ్చింది. అలాంటి ఫొటో నేరానికి సంబంధించిన విషయం. ఇక్కడి చర్చంతా పరీక్ష ముగిశాక పిల్లల చేతికొచ్చిన పేపరు గురించే.

సారు: మేడం, నా మాట సూటిగా చెప్తా. పేపరును తెలుగులో పెట్టేది పిల్లగానికి అర్థం కావాలనే గదా. అర్థమయ్యేలా రాయాలంటే కొంత విప్పి చెప్పాలి, కొంత తగ్గించాలి. ఇంగ్లిష్ వాక్యం మెలికలు తిరిగి ఉంటే దాన్ని సాపు చేయాలి. ప్రశ్నలో ఉన్న ప్రతి మాటనూ మోసుకొస్తానంటే ఆ తెలుగు ఇంగ్లిష్ కంటే కష్టమైపోతది. లెక్క చేయడం రావాలె, జవాబు రావాలె. మధ్యలో రెండు మాటలు అటో ఇటో అయితే పోయేదేముంది?

మేడం: వాక్యాన్ని సాపు చేయడానికి నాకు అభ్యంతరం లేదు సార్. ప్రశ్నను సాపు చేయొద్దంటున్నాను. ఈ రెంటికీ తేడా ఒక లెక్కతో చూద్దాం. `2x² − 5x + 3 = 0` అనే వర్గ సమీకరణం ఇచ్చి, సాధించకుండానే మూలాల స్వభావం తెలపమన్నారనుకోండి. ఇంగ్లిష్‌లో ఆ 'సాధించకుండా' అన్న భాగం వాక్యం మొదట్లోనో చివర్లోనో చిన్నగా ఉంటుంది. హడావిడిలో రాసేవాళ్లు దాన్ని వదిలేసి 'సమీకరణ మూలాల స్వభావాన్ని తెలపండి' అంటారు. తెలుగు చక్కగానే ఉంది, పిల్లకూ అర్థమైంది. కానీ ఇప్పుడా పిల్ల కారణాంకాలుగా విడగొట్టి 1, 3/2 అని మూలాలు కనుక్కుని, రెండూ వేర్వేరు వాస్తవ సంఖ్యలని రాస్తుంది. జవాబు ఒప్పే. అడిగింది మాత్రం అది కాదు. విచక్షణి విలువ 25 − 24 = 1 అని కట్టి, అది సున్నా కంటే ఎక్కువ కాబట్టి మూలాలు వాస్తవాలు, విభిన్నాలు అని చెప్పగలదా లేదా అన్నది అక్కడి పరీక్ష. మనం వదిలేసింది ఒక్క మాటే. దాంతో ఆ ప్రశ్న పరీక్షించాల్సిన సంగతే పోయింది. రేపు అసలు పేపర్లో ఇలాంటిది వస్తే, ఆ పిల్ల అభ్యాసం చేయనిదే అక్కడ ఎదురవుతుంది.

సారు: సరే, షరతు వదిలేయడం తప్పే, ఒప్పుకుంటా. దానికో విరుగుడుంది గదా. తెలుగు ప్రశ్నకు వచ్చిన జవాబునూ ఇంగ్లిష్ ప్రశ్నకు వచ్చిన జవాబునూ పోల్చి చూస్తే సరిపోతది. రెండూ ఒకటైతే అనువాదం కుదిరినట్టే. ఇంతకంటే గట్టి తనిఖీ ఏముంటది?

మేడం: ఆ తనిఖీ అక్కరకొస్తుంది, కానీ దాన్ని పూర్తిగా నమ్మలేం. ఇప్పటి సమీకరణంలోనే జవాబు మారలేదు, ప్రశ్న మారింది. ఇంకా ప్రమాదకరమైనది సంభావ్యతలో ఉంది. రెండు నాణేలు ఎగరేస్తే కనీసం ఒక బొమ్మ పడే సంభావ్యత ఎంత అని అడిగారు. నాలుగు పర్యవసానాల్లో మూడింట్లో బొమ్మ ఉంటుంది, కాబట్టి 3/4. అనువాదంలో 'కనీసం' స్థానంలో 'గరిష్ఠంగా' పడిందనుకోండి. గరిష్ఠంగా ఒక బొమ్మ అంటే రెండు బొమ్మలూ పడినదాన్ని ఒక్కదాన్ని తీసేయాలి. అప్పుడూ మిగిలేవి మూడే, మళ్లీ 3/4. అర్థం పూర్తిగా తలకిందులైనా జవాబు కదల్లేదు. మీ పోలిక ఇక్కడ తప్పును పట్టదు. అదే తెలుగు వాక్యాన్ని నమూనాగా పెట్టుకుని మూడు నాణేల ప్రశ్నకు వెళ్తే బండారం బయటపడుతుంది. కనీసం ఒక బొమ్మకు 7/8, గరిష్ఠంగా ఒక బొమ్మకు 1/2. అందుకే జవాబుతో పాటు దారినీ పోల్చాలి. తెలుగు చదివినవాళ్లు ఏ పర్యవసానాలను లెక్కలోకి తీసుకున్నారు, ఇంగ్లిష్ చదివినవాళ్లు వేటిని తీసుకున్నారు అని పక్కపక్కన పెట్టి చూడాలి. మెట్లు కలిస్తేనే ప్రశ్న కలిసినట్టు.

సారు: ఇవన్నీ లెక్కల పేపర్లో మాటలు. అక్కడ కనీసం, గరిష్ఠం, వరుసగా లాంటి నాలుగు మాటల మీద కన్నేసి ఉంచితే చాలు. మిగతాది మనం మాట్లాడే తెలుగే. తెలుగులో మనకు సందేహమొచ్చేదేముంది?

మేడం: మనం మాట్లాడే తెలుగే ఒక్కోసారి రెండు దిక్కులకూ పోతుంది సార్, ముఖ్యంగా లేదు, కాదు, కావు అన్నచోట. తప్పొప్పుల ప్రశ్నలో 'ప్రధాన సంఖ్యలన్నీ బేసి సంఖ్యలు కావు' అని రాశామనుకోండి. ఒక పిల్లగాడు దాన్ని 'అన్నీ బేసివే అనలేం' అని తీసుకుంటాడు. 2 సరి సంఖ్య అయిన ప్రధాన సంఖ్య కాబట్టి ఒప్పు అని పెడతాడు. పక్కనున్న పిల్ల 'ఏ ఒక్కటీ బేసి కాదు' అని తీసుకుంటుంది. 3 ఉంది కదా, తప్పు అని పెడుతుంది. ఇద్దరికీ లెక్కలొచ్చు, ఇద్దరూ తెలుగు సరిగ్గానే చదివారు. తేడా వాక్యంలో ఉంది. ఇంగ్లిష్ పేపర్లో ఆ నిషేధం వాక్యం ముందే కూర్చుని ఉంటే ఈ సందేహం ఉండదు. మన క్రియ చివరికి పోతుంది, దాంతోపాటే నిషేధమూ చివరికి పోతుంది. దేన్ని కాదంటున్నామో అప్పుడు స్పష్టంగా ఉండదు. ఇక్కడ 'ప్రతి ప్రధాన సంఖ్యా బేసి సంఖ్యే అనడం సరికాదు' అని తిప్పి రాస్తే ఒకే అర్థం మిగులుతుంది. వాక్యం మారింది, ప్రశ్న మారలేదు. నేను కోరే కచ్చితత్వం ఇదే. మాటకు మాట పెట్టమని కాదు, అడిగిన పని ఒక్కటే మిగలాలని.

ఇక్కడ ఇద్దరూ ఒక మెట్టు దిగి కలిశారనుకోవచ్చు. ఇంగ్లిష్ వాక్యం ఆకారాన్ని కాపాడాలని మేడం అనడం లేదు. తెలుగు సహజంగా ఉండాలన్న సారు పట్టుదలా ఇక్కడ ఓడలేదు. ఇద్దరి మధ్యా మిగిలింది సాయం చేయడం గురించి. అర్థం కాని పిల్లకు ప్రశ్నలోనే చేయూత ఇవ్వొచ్చా అన్నది అసలు పేచీ.

సారు: చేయూత లేకుండా ఎట్లా మేడం? ఆదిలాబాద్ ఏజెన్సీలో ఇంట్లో గోండి, కొలామి మాట్లాడే పిల్లలున్నారు. వాళ్లకు తెలుగే రెండో భాష. 'కుంభాకార కటకం' అంటే వాళ్లకేం తెలుస్తది? 'హ్రస్వదృష్టి' అని రాస్తే ఎవరికి సమజైతది? ప్రశ్నలోనే విప్పి రాస్తే తప్పేంటి? పొలం లెక్కలున్నయి, మనూళ్ల తీరుగా గుంటల్లో రాస్తే ఇంకా మంచిది గదా.

మేడం: మూడు వేర్వేరు సంగతులు చెప్పారు, ఒక్కోటీ చూద్దాం. కటకం అనే మాట పిల్లకు తెలియదు, లెన్స్ తెలుసు అంటారా, లెన్స్ అనే రాయండి. ప్రశ్న మారదు. పేపరు మొత్తం అదే మాట వాడండి, ఒకచోట లెన్స్ ఇంకోచోట కటకం అంటే పిల్లలు రెండు వస్తువులనుకుంటారు. ఏ మాట పెట్టాలో సందేహమొస్తే పిల్ల చేతిలోనే ద్విభాషా పుస్తకం ఉంది, ఎదుటి పేజీలో ఆ పాఠానికి వాడిన మాట ఉంటుంది. దాన్నే తీసుకుందాం. రెండోది హ్రస్వదృష్టి. దాన్ని 'దూరపు వస్తువులు స్పష్టంగా కనిపించని దోషం' అని ప్రశ్నలోనే విప్పారనుకోండి. ఏ కటకంతో దాన్ని సవరిస్తారని అడిగినప్పుడు పెద్దగా నష్టం లేకపోవచ్చు, జవాబు పుటాకార కటకం అని పిల్లే చెప్పాలి. కానీ అదే పేపర్లో 'హ్రస్వదృష్టి అంటే ఏమిటి' అని ఇంకో ప్రశ్న ఉంటే, దాని జవాబును మనమే రాసిచ్చినట్టయింది. ఒక ప్రశ్నకు చేసిన సాయం ఇంకో ప్రశ్నను మింగేస్తుంది. పేపరు మొత్తం చదవకుండా ఏ మాటనూ విప్పకూడదనడానికి ఇదే కారణం.

మూడోది గుంటలు. ఎకరాకు 8 క్వింటాళ్ల పత్తి చొప్పున 1.5 ఎకరాలకు ఎంత వస్తుందని అడిగారు. 1.5ని 8తో గుణిస్తే 12 క్వింటాళ్లు. దశాంశ సంఖ్యతో గుణించడం వచ్చా అన్నదే ఇక్కడ చూస్తున్నారు. మీరు 1.5 ఎకరాలకు బదులు 60 గుంటలు అన్నారు. ఎకరాకు 40 గుంటలు కాబట్టి లెక్క ప్రకారం అది నిజమే. అయితే దశాంశం మాయమైంది. ఎకరాకు 40 గుంటలని తెలిసి ఉండాలన్న కొత్త మెట్టు వచ్చి చేరింది. వ్యవసాయం ఉన్న ఇంటి పిల్లకు ప్రశ్న తేలికైంది, భూమి లేని ఇంటి పిల్లకు కష్టమైంది. ఇద్దరికీ ప్రశ్న మాత్రం వేరైపోయింది.

సారు: మీరు చెప్పినట్టే అంటే అచ్చుతప్పులను కూడా అట్లనే దింపాలె. 3, 4, 8 సెంటీమీటర్ల భుజాలతో త్రిభుజం గీయమని ఉంటే ఏం చేస్తారు? 8 కాదు, 5 అయి ఉంటదని ఎవరికైనా తెలుస్తది. తెలిసి తెలిసి తప్పును పిల్లల ముందు పెట్టాల్నా?

మేడం: పెట్టాలి, మన గమనికతో పాటు పెట్టాలి. 3, 4 కలిపితే 7, అది 8 కంటే తక్కువ, కాబట్టి ఆ త్రిభుజం గీయలేం. అది అచ్చుతప్పు కావచ్చు. లేదా గీయగలమా, కారణం చెప్పండి అనే ప్రశ్నలో రెండో సగం ఫొటోలో పడలేదేమో. ఎవర్నీ అడగకుండా 5 అని దిద్దేస్తే రెండో అవకాశాన్ని పూడ్చేసినట్టే. ప్రశ్నను ఉన్నదున్నట్టు రాసి, దాని కింద గీత గీసి, అనువాదకుని గమనిక అని వేరుగా రాద్దాం. ఆ గీతకు పైన ఉన్నది పేపరు, కింద ఉన్నది మనది. ఆ హద్దు కనపడినంత కాలం మీరు ఎంత సాయం చేసినా ప్రశ్న చెడదు. కటకం బొమ్మ వేయండి, గుంటల లెక్క చెప్పండి, గోండిలో మాట చెప్పగలిగితే అదీ చెప్పండి, అంతా గీత కిందే.

సారు: ఫొటో సంగతి ఎత్తారు కాబట్టి అడుగుతున్నా. మసకగా ఉన్న అక్షరాన్ని చుట్టూ ఉన్నది చూసి పోల్చుకోవచ్చు గదా. ఇన్నేళ్లు పాఠం చెప్పినం. జవాబు చక్కగా తేలితే మనం చదివింది సరైనదే అన్నట్టు.

మేడం: ఆ నమ్మకమే ఫొటో పేపర్లో ఎక్కువ దెబ్బ తీస్తుంది. ఇందాకటి సమీకరణమే తీసుకుందాం. పేపరు మడత పడినచోట చివరి పదం ముందు గుర్తు కనపడలేదు. `+3` అనుకుంటే విచక్షణి 1, మూలాలు 1, 3/2. `−3` అనుకుంటే విచక్షణి 25 + 24 = 49, మూలాలు 3, −1/2. రెండూ చక్కగా తేలాయి, రెంట్లోనూ విచక్షణి పూర్ణ వర్గమే. చక్కదనం చూసి ఏది అసలైనదో చెప్పగలరా? ఇంకొకటి, `30°` లోని డిగ్రీ గుర్తు మసకబారితే 300లా కనిపిస్తుంది. అక్కడ మీ అనుభవం పనిచేస్తుంది. పదో తరగతి త్రికోణమితిలో విలువలు 0, 30, 45, 60, 90 డిగ్రీలకే చెప్తాం కాబట్టి 300 అనుమానించాల్సిందే. అనుమానం వరకు అనుభవం చాలు. తేల్చడానికి మాత్రం ఇంకో ఫొటో కావాలి. అది దొరక్కపోతే ఆ చోట 'స్పష్టంగా లేదు' అని రాసి వదలాలి. మనం ఊహించి నింపిన గుర్తును పిల్లలు అచ్చైన గుర్తు అనుకుంటారు.

అందుకే అనువాదానికి ముందు ఒక పని ఉంది. నాలుగు మూలలూ పడేలా, పగటి వెలుతురులో, ఫ్లాష్ లేకుండా పేజీకి ఒక ఫొటో తీయాలి. ఫొటోలోంచి నేరుగా తెలుగులోకి దూకకుండా, ముందు ఇంగ్లిష్‌ను ఉన్నదున్నట్టు కాగితం మీదికి ఎత్తి రాసుకోవాలి. ప్రశ్న నంబరు, మార్కులు, ఐచ్ఛికాల వరుస అన్నీ రావాలి. ఫొటోలో ఎవరో పెన్నుతో పెట్టిన టిక్కులు మాత్రం రాకూడదు. అయ్యాక మార్కులు కూడాలి. మన పదో తరగతి లెక్కల పేపరుకు 80 మార్కులు, పార్ట్-ఎకి 60, పార్ట్-బికి 20. ఏదో విభాగంలో ఆరు ప్రశ్నలిచ్చి ఏవేని నాలుగింటికి జవాబు రాయమని, ఒక్కోదానికి 6 మార్కులని ఉంటే ఆ విభాగం 24 అవుతుంది. 36 వస్తోందంటే 'ఏవేని నాలుగు' అన్న సూచన ఎక్కడో ఫొటో అంచున తెగిపోయిందని అర్థం. ఆ సూచన పోతే పిల్లలు ఆరూ రాయడానికి ఉరుకుతారు. రెండు ప్రశ్నల మధ్య 'లేదా' పోయినా ఇదే గతి.

సారు: లెక్కలు, సైన్సు సరే. సాంఘిక శాస్త్రంలో ఇంత పట్టింపు అవసరమా? పేరా ఇచ్చి వ్యాఖ్యానించమంటారు. పిల్లలు దానికే భయపడుతరు. 'వివరించండి' అంటే ధైర్యంగా రాస్తారు.

మేడం: వివరించమంటే పేరాలో ఉన్నదాన్ని సొంత మాటల్లో చెప్తే చాలు. వ్యాఖ్యానించమంటే ఆ మాటతో ఏకీభవిస్తున్నారా లేదా, ఎందుకు, మీరు చూసినదాంట్లో దానికి ఆధారం ఏమిటి అని రాయాలి. మొదటిది అవగాహనను చూస్తుంది, రెండోది ఆలోచనను చూస్తుంది. మూల్యాంకనం చేసేవాళ్లు మార్కులు విడగొట్టేది ఆ తేడాను బట్టే. మీరు 'వివరించండి' మీద అభ్యాసం చేయించిన పిల్లకు అసలు పేపర్లో పేరానే తిరిగి రాసే అలవాటు వస్తుంది. భయం పోగొట్టాలంటే గీత కింద నాలుగు సూచనలు రాయండి. క్రియను మాత్రం ముట్టుకోవద్దు. ప్రశ్న చివరనున్న క్రియే పని ఏమిటో చెప్తుంది. నిర్వచించండి, పోల్చండి, నిరూపించండి, సరిచూడండి అనేవి ఒకదాని బదులు ఒకటి వాడుకునే మాటలు కావు.

సారు: మేడం, ఇది అభ్యాసం కోసం చేసే పని. అసలు పరీక్ష కాదు. పెద్ద పెద్ద సంస్థలు అచ్చేసే పేపర్లలోనే తప్పులు దొర్లుతుంటే మన ఫొటో అనువాదానికి ఇంత గీటురాయి ఎందుకు?

మేడం: ఆ సంస్థల తప్పులే కారణం సార్. 2018 నీట్ తమిళ ప్రశ్నపత్రంలో 49 ప్రశ్నల అనువాదం తప్పిందని కేసు వేశారు. మద్రాసు హైకోర్టు మదురై ధర్మాసనం ఆ ఏడాది జులైలో ఒక్కో ప్రశ్నకు 4 చొప్పున 196 మార్కులు కలపమంది. ఆ తీర్పును సుప్రీంకోర్టు కొట్టేసింది. తమిళంలో చదివి రాసిన పిల్లలకు చివరికి ఆ మార్కులు రాలేదు. ఇప్పుడు నీట్ పెడుతున్న ఎన్‌టీఏ కూడా అనువాదంలో సందేహం వస్తే ఇంగ్లిష్ ప్రతినే తుదిగా తీసుకుంటామని ముందే చెప్తుంది. అంటే అనువాదకుడు ఎవరైనా, తప్పు భారం మోసేది పిల్లలే. మా జిల్లాలో దీనికి ఇంకో ముడి ఉంది. ఆదిలాబాద్‌లో మరాఠీ మాధ్యమం బడులున్నాయి. మీరు తెలుగులో చేసిన పేపరునే తీసుకుని మరాఠీలోకి మార్చేవాళ్లుంటారు. మీరు వదిలిన 'సాధించకుండా' అక్కడికి ఎలాగూ చేరదు. వాళ్లు దాన్ని వెతకను కూడా వెతకరు, ఎందుకంటే తెలుగులో అదెప్పుడూ లేదు. అందుకే తెలుగు పేపరుతో పాటు అసలు ఫొటోను కూడా జతచేసి పంపాలి. మరాఠీ చేసేవాళ్లు ఆ ఫొటో నుంచే చేయాలి.

సారు: మీ వాదన కాదనలేను. ఒక్కటే ఇబ్బంది. ముందు ఎత్తిరాయడం, తర్వాత మార్కులు కూడడం, అనువాదం, ఇంకొకరు తెలుగు మాత్రమే చూసి చేయడం, మెట్లు పోల్చడం. ముప్పై పైచిలుకు ప్రశ్నలున్న పేపరుకు ఇవన్నీ చేస్తే వారం పడుతుంది. బడిలో ఆ తీరిక ఎవరికుంది? అయితే పేపర్లే తక్కువ చేయాల్సి వస్తది.

మేడం: తక్కువే చేద్దాం. ఐదు పేపర్లు ఉజ్జాయింపుగా దింపేకంటే ఒక్క పేపరు సరిగ్గా దింపితే పిల్లలకు మేలు. అదీ కుదరకపోతే ఒక పేపర్లో పది ప్రశ్నలే తీసుకుందాం. మొదట షరతులు, నిషేధాలు, ఏవేని, కనీసం లాంటివి ఉన్న ప్రశ్నలను ఎంచుకుందాం. పిల్లలు తడబడేది అక్కడే, అనువాదం జారేదీ అక్కడే. మిగిలిన ప్రశ్నలను ఇంగ్లిష్‌లోనే ఉంచి తరగతిలో మాటగా చెప్పండి. మీరు చెప్పినదానిలో తేడా వస్తే పిల్లలు అప్పటికప్పుడు అడుగుతారు, మీరు దిద్దుతారు. కాగితం మీద రాసిచ్చినదాన్ని అలా అడగలేరు, మనం పక్కన లేనప్పుడు కూడా దాన్నే నమ్మి చదువుతారు. రాసిచ్చేది ఎంత తక్కువైనా, అందులో పేపరు అడిగిందే ఉండాలి.